ఒకే బిట్‌కాయిన్, రెండు ఎక్స్ఛేంజ్‌లు: ఫీజులూ ఆలస్యమూ లెక్కవేశాక ఎక్కడ అమ్మాలి?

ఒక ఎక్స్ఛేంజ్‌లో బిట్‌కాయిన్ ధర ₹80,00,000 గానూ, అదే నిమిషంలో మరొక ఎక్స్ఛేంజ్‌లో ₹81,00,000 గానూ కనిపిస్తున్నప్పుడు, మొదటిచోట కాయిన్ ఉంచుకున్నవారికి దానిని రెండోచోటికి పంపి అమ్ముకుందామనే ఆలోచన రావడం సహజం. అటువంటి నిర్ణయం తీసుకునే ముందు చూడవలసినది తెరమీది రెండు ధరల మధ్య తేడా కాదు; అమ్మకం పూర్తయి బ్యాంకు ఖాతాలో పడే సొమ్ముల మధ్య తేడా, ఆ సొమ్ము ఎంతసేపటికి పడుతుందనే విషయం. ఈ రెండింటినీ ఒక్కొక్క మెట్టుగా ఎలా లెక్కకట్టాలో 0.1 బిట్‌కాయిన్ ఉదాహరణతో చెబుతాను. మొదటి ఎక్స్ఛేంజ్‌ను ‘అ’ అనీ, రెండోదానిని ‘ఆ’ అనీ పిలుచుకుందాం. రెండూ భారతదేశంలో రూపాయలతో వ్యాపారం నడిపేవే అనీ, రెండింటిలోనూ మీ కేవైసీ పూర్తయిందనీ, కాయిన్ ప్రస్తుతం ‘అ’లో ఉందనీ అనుకుందాం. ఇందులోని ధరలూ ఫీజులూ లెక్క కోసం ఊహించుకున్నవి; మీ ఎక్స్ఛేంజ్‌ల అంకెలను వాటి స్థానంలో పెట్టుకోవాలి.

తెరమీది ధర ఎవరి ధర?

పెద్ద అక్షరాలతో కనిపించే ధర చివరిసారి జరిగిన లావాదేవీ ధర మాత్రమే. అది ఐదు క్షణాల కిందట జరిగి ఉండవచ్చు, బేరాలు తక్కువగా ఉండే ఎక్స్ఛేంజ్‌లో పది నిమిషాల కిందట జరిగి ఉండవచ్చు, ₹500 విలువైన చిన్న ముక్క మీద జరిగి ఉండవచ్చు. అమ్మదలచినవారికి కావలసినది ఆర్డర్ బుక్‌లో కొనుగోలుదారుల వైపు, అంటే బిడ్ల వైపు, ఎంత ధరకు ఎంత పరిమాణం నిలిచి ఉందన్న సమాచారం.

‘అ’లో పై బిడ్ ₹79,85,000 దగ్గర 0.06 బిట్‌కాయిన్‌కు, దాని కింద ₹79,80,000 దగ్గర మరో 0.04కు ఉన్నదనుకుందాం. మన 0.1 బిట్‌కాయిన్ మొత్తం ఈ రెండు మెట్లలోనే అమ్ముడైపోయి ₹7,98,300 వస్తుంది. ‘ఆ’లో చివరి ధర ₹81,00,000 అని కనిపిస్తున్నా, పై బిడ్ ₹80,70,000 దగ్గర 0.02కు, దాని కింద ₹80,55,000 దగ్గర 0.03కు, ₹80,30,000 దగ్గర 0.05కు మాత్రమే ఉన్నది. ఒకేసారి 0.1 అమ్మితే ఆ మూడు మెట్లూ దిగాలి. అప్పుడు సగటు ధర ₹80,45,500 అవుతుంది. తెరమీద లక్ష రూపాయలుగా కనిపించిన అంతరం, ఇంకా ఒక్క రూపాయి ఫీజు కట్టకముందే, ఒక బిట్‌కాయిన్‌కు ₹62,500కు దిగిపోయింది.

ఎక్కువ ధర చూపించే ఎక్స్ఛేంజ్‌లో ఆర్డర్ బుక్ పలుచగా ఉండటం యాదృచ్ఛికం కాదు. అమ్మేవారూ కొనేవారూ దట్టంగా ఉన్నచోట ధర మిగతా మార్కెట్‌తో కలిసి నడుస్తుంది. వారు తక్కువగా ఉన్నచోటే అది పక్కకు జరిగి, అలా జరిగినచోటే కొంతసేపు నిలబడుతుంది. అందువలన అంతరం పెద్దదిగా కనిపించిన ప్రతిసారీ ముందుగా లోతు చూడాలి, అదీ ఒక్కసారి చూసి ఊరుకోకుండా పదేసి నిమిషాల వ్యవధిలో నాలుగైదు సార్లు చూడాలి. మీ కాయిన్ అక్కడికి చేరే సమయానికి పై మెట్టులోని ఆ 0.02 బిడ్ అక్కడే ఉంటుందన్న హామీ ఏదీ లేదు.

ఆర్డర్ బుక్ చూపించకుండా ‘ఫీజు లేదు’ అని చెప్పే యాప్‌లలో ఈ లెక్క మరో రకంగా చేయాలి. అక్కడ అదే నిమిషంలో కొనుగోలు ధరనూ అమ్మకం ధరనూ రెండింటినీ తెరిచి చూడాలి. కొనడానికి ₹81,20,000, అమ్మడానికి ₹79,20,000 అని చూపిస్తే మధ్య ధర ₹80,20,000. ఒక్కో వైపు లక్ష రూపాయలు, అంటే దాదాపు 1.25 శాతం, ధరలోనే కలిసి ఉన్నదన్నమాట. ఫీజు అనే పేరు లేకపోయినా అది ఫీజే.

ఫీజులు తీసేశాక

ఇప్పుడు ఫీజులు. ‘అ’ వెంటనే అమ్మే ఆర్డర్‌కు 0.2 శాతం, ‘ఆ’ 0.4 శాతం తీసుకుంటాయనుకుందాం. భారతీయ ఎక్స్ఛేంజ్‌ల ఫీజు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది కనుక అవి నిజానికి 0.236 శాతం, 0.472 శాతం అవుతాయి. చాలా పోలికలు ఈ జీఎస్టీ దగ్గరే తప్పుతాయి, ఎందుకంటే ఫీజుల పట్టికలో జీఎస్టీ కలపని అంకెనే వేస్తారు.

మరొకటి విత్‌డ్రాయల్ ఫీజు. ‘అ’ నుంచి బిట్‌కాయిన్‌ను బయటికి పంపడానికి 0.0003 బిట్‌కాయిన్ పట్టుకుంటారనుకుందాం. ఇది శాతం కాదు, ఎంత పంపినా అంతే. బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లో ఆ క్షణాన నడుస్తున్న ఫీజుకూ ఎక్స్ఛేంజ్ పట్టుకునే మొత్తానికీ నేరుగా సంబంధం ఉండనక్కరలేదు. ఎక్స్ఛేంజ్ ఆ మొత్తాన్ని తానే నిర్ణయించి, అప్పుడప్పుడు మారుస్తుంది. కనుక పాత జాబితాను నమ్మకుండా, విత్‌డ్రాయల్ పేజీలో పరిమాణం నింపి, చివరి బటన్ నొక్కే ముందు అది చూపించే అంకెను రాసుకోవాలి. ఈ ఉదాహరణలో ‘ఆ’కు చేరేది 0.0997 మాత్రమే.

| మెట్టు | ‘అ’లోనే అమ్మితే | ‘ఆ’కు పంపి అమ్మితే |
|---|---|---|
| అమ్మే పరిమాణం | 0.1 | 0.0997 |
| బిడ్ల ప్రకారం వచ్చేది | ₹7,98,300 | ₹8,02,141 |
| జీఎస్టీతో కలిపి ఫీజు | ₹1,884 | ₹3,786 |
| మిగిలేది | ₹7,96,416 | ₹7,98,355 |

తెరమీది ధరల ప్రకారం 0.1 బిట్‌కాయిన్‌కు ₹10,000 లాభం కనిపించింది. చేతికి వచ్చే తేడా ₹1,939. అంటే కనిపించిన దానిలో అయిదో వంతు కన్నా తక్కువ.

పన్ను ఎక్కడ పడుతుంది

భారతదేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్ అమలులోకి వచ్చాయి, కలిపితే 31.2 శాతం. 2022 జులై 1 నుంచి అమ్మకం విలువ మీద 1 శాతం టీడీఎస్ కూడా మొదలైంది. పోలికలో ఈ రెండూ వేర్వేరుగా పనిచేస్తాయి.

టీడీఎస్ ‘అ’లో అమ్మినా ‘ఆ’లో అమ్మినా సుమారు ₹8,000 పట్టుకుంటారు. రిటర్న్ దాఖలు చేసేటప్పుడు దానిని కట్టవలసిన పన్నులో సర్దుకోవచ్చు కనుక, ఒకేసారి అమ్మి బయటపడేవారికి ఈ పోలికలో దాని ప్రభావం దాదాపు శూన్యం. లాభం మీది పన్ను అలా కాదు. చట్టం కొనుగోలు ఖర్చును తప్ప మరే ఖర్చునూ తీసివేయనివ్వదు. అంటే ‘ఆ’లో ఎక్కువ వచ్చిన ₹3,841 మొత్తం మీద పన్ను పడుతుంది, ఆ ఎక్కువ సంపాదించడానికి కట్టిన అమ్మకపు ఫీజుకు మినహాయింపు దొరకదు. మీరు ఈ కాయిన్‌ను తక్కువ ధరకు కొని లాభంలో ఉన్నారనుకుంటే, ఆ అదనపు ₹3,841 మీద కనీసం ₹1,198 పన్ను. ₹1,939లోంచి అది పోతే మిగిలేది ₹741. ఒక శాతంలో పదో వంతు కూడా కాదు.

కాయిన్ చేతిలో లేకుండా, ‘అ’లో కొని ‘ఆ’లో అమ్మి తేడా సంపాదించాలనుకునేవారి పరిస్థితి ఇంకా కఠినం. వారు ‘అ’లో బిడ్ ధరకు కాక, అమ్మేవారు అడిగే ధరకు, అంటే ఆస్క్ ధరకు కొనాలి. అది ₹80,10,000 అనుకుంటే 0.1కు ₹8,01,000. ‘ఆ’లో మూడు మెట్లూ దిగి అమ్మితే ₹8,04,550. తేడా ₹3,550. కొనుగోలు ఫీజు ₹1,890, అమ్మకం ఫీజు దాదాపు ₹3,797. విత్‌డ్రాయల్ ఫీజు కలపకముందే రెండు వేలకు పైగా నష్టం వచ్చింది. కొనుగోలు ఫీజును కొనుగోలు ఖర్చులో కలుపుకోనిచ్చినా, మిగిలిన ₹1,660 చట్టం దృష్టిలో లాభమే. దానిపై ₹518 పన్ను కట్టాలి. చేతిలో నష్టం, కాగితం మీద లాభం అనే ఈ స్థితి ఇతర వ్యాపారాలలో అరుదు, ఇక్కడ మామూలు. పైగా ఒక లావాదేవీలో వచ్చిన నష్టాన్ని మరొక లావాదేవీ లాభంలో సర్దుకోవడానికీ వీలు లేదు.

ఆలస్యాన్ని తప్పించుకోవడానికి కొందరు ‘అ’లో రూపాయలు, ‘ఆ’లో కాయిన్లు ముందే నిల్వ ఉంచుకొని, అంతరం కనిపించినప్పుడు ఒకే క్షణంలో ఇక్కడ కొని అక్కడ అమ్ముతారు. సమయం విషయంలో ఆ పద్ధతి సరైనదే. కానీ ప్రతి అమ్మకానికీ విలువలో 1 శాతం టీడీఎస్ రూపంలో పక్కకు పోతుంది. అదే పెట్టుబడిని 20 సార్లు తిప్పితే అందులో దాదాపు 18 శాతం రిటర్న్ దాఖలయ్యేదాకా చేతికి అందదు. ఒక్కో తిప్పుడులో సగం శాతం కూడా మిగలని పనికి ఇది మోయరాని బరువు అని నా అభిప్రాయం.

ఆలస్యం ఖరీదు ఎంత?

పైన మిగిలిన ₹741 ఉచితంగా రాదు. కాయిన్ ప్రయాణంలో ఉన్నంతసేపు మీరు అమ్మలేరు. ఆ వేళ ధర ఎంత కదలవచ్చో తెలియకుండా పోలిక పూర్తికాదు.

ప్రయాణానికి మూడు భాగాలున్నాయి. మొదటిది ‘అ’ మీ అభ్యర్థనను పరిశీలించి నెట్‌వర్క్‌కు పంపేదాకా. రెండోది బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లో బ్లాక్‌లు, అంటే లావాదేవీలను నమోదుచేసే కట్టలు, వచ్చేదాకా. మూడోది ‘ఆ’ తనకు కావలసినన్ని కన్ఫర్మేషన్లు, అంటే మీ లావాదేవీ ఎక్కిన బ్లాక్‌తో మొదలుపెట్టి వచ్చిన బ్లాక్‌లు, చూసి మీ ఖాతాలో జమ చేసేదాకా. రెండోదాని గురించి గట్టిగా చెప్పగలం. బ్లాక్ సగటున 10 నిమిషాలకొకటి వస్తుంది, కానీ గడియారం ప్రకారం రాదు. 30 నిమిషాలపాటు ఒక్క బ్లాక్ కూడా రాకపోయే అవకాశం దాదాపు 5 శాతం ఉంది. ‘ఆ’ 3 కన్ఫర్మేషన్లు అడిగితే సగటున అరగంట పడుతుంది. గంట దాటే అవకాశం దాదాపు 6 శాతం. నెట్‌వర్క్ రద్దీగా ఉన్న రోజున ‘అ’ తక్కువ ఫీజుతో పంపితే మొదటి బ్లాక్‌లోకే మీ లావాదేవీ ఎక్కకపోవచ్చు.

మొత్తం ప్రయాణం గంట అనుకుందాం. బిట్‌కాయిన్ ఏడాదికి 50 శాతం ఊగిసలాడుతుందని, అంటే వార్షిక వోలటిలిటీ 50 శాతమని అనుకుంటే, గంటకు అది దాదాపు 0.53 శాతం అవుతుంది. కదలిక కాలంతో పాటు సరిసమానంగా పెరగదు, కాలపు వర్గమూలంతో పెరుగుతుంది. నాలుగు రెట్లు ఎక్కువసేపు ఆగితే ప్రమాదం రెండు రెట్లవుతుంది. మన ₹7,98,300 మీద ఒక గంట కదలిక దాదాపు ₹4,260. పన్ను తరువాత చూస్తే దాదాపు ₹2,930. ఆశిస్తున్న లాభమేమో ₹741. ‘ఆ’ ధర కూడా మార్కెట్‌తోపాటే కదులుతుందని, అంతరం చెక్కుచెదరదని అనుకున్నా, ‘అ’లో వెంటనే అమ్మి ఉంటే వచ్చేదానికన్నా తక్కువ చేతికి వచ్చే అవకాశం 100కు 40. ధర తగ్గే అవకాశం ఎంతో పెరిగే అవకాశమూ అంతే ఉంటుంది, నిజమే. అయితే ఆ పెరుగుదల కోసమే ఆగదలచినవారు కాయిన్‌ను ‘అ’లోనే ఉంచుకొని ఆగవచ్చు, దానికి విత్‌డ్రాయల్ ఫీజు కట్టనక్కరలేదు.

అసలు ఆలస్యం చాలాసార్లు నెట్‌వర్క్‌ది కాదు, ఎక్స్ఛేంజ్‌ది. ఒకసారి ఫోన్ మార్చి, రెండో అంచె ధ్రువీకరణను కొత్త ఫోన్‌లో పెట్టుకున్న వెంటనే నేను విత్‌డ్రాయల్‌కు వెళితే, భద్రత కోసమని 24 గంటలు ఆపారు. నియమం సరైనదే, దానిని ముందుగా చదవకపోవడం నా పొరపాటు. కొత్త చిరునామాను జోడించినప్పుడు, పాస్‌వర్డ్ మార్చినప్పుడు, ఈమధ్యనే రూపాయలు జమచేసి వాటితో కొన్న కాయిన్‌ను పంపాలన్నప్పుడు ఇటువంటి నిలుపుదలలు ఉండవచ్చు. పెద్ద మొత్తమైతే మనుషులు పరిశీలించేదాకా ఆగాలి; అవతలి ఖాతా ఎవరిది, ఏ ఎక్స్ఛేంజ్‌లోది అన్న వివరాలు కూడా అడుగుతారు. 24 గంటల నిలుపుదలలో అదే వోలటిలిటీ 2.6 శాతం, మన మొత్తం మీద దాదాపు ₹20,900. అటువంటి నిలుపుదల ఉన్న ఖాతాకు ₹741 కోసం కాయిన్ పంపడం గురించి ఆలోచించనవసరం లేదు.

అదే గంటను ‘అ’లోనే వాడుకుంటే

ఇక్కడ చాలామంది చూడని మూడో ఎంపిక ఉంది. ఒక గంట ధర ప్రమాదం భరించడానికి మీరు ఎలాగూ సిద్ధపడితే, ఆ గంటను ప్రయాణానికి కాక, ‘అ’లోనే లిమిట్ ఆర్డర్‌కు, అంటే మీరు చెప్పిన ధర వస్తేనే అమ్మే ఆర్డర్‌కు, వాడుకోవచ్చు. ‘అ’లో బిడ్ ₹79,85,000, ఆస్క్ ₹80,10,000. మీరు ₹80,08,000కు అమ్మకపు ఆర్డర్ పెడితే అమ్మేవారిలో ముందు వరుసలో మీరే ఉంటారు. అది పూర్తిగా నెరవేరితే ₹8,00,800 వస్తుంది; వేచి ఉండే ఆర్డర్‌కు కూడా అదే 0.2 శాతం ఫీజు అనుకున్నా, ₹1,890 పోగా ₹7,98,910 మిగులుతుంది. ‘ఆ’కు పంపి అమ్మితే వచ్చే ₹7,98,355 కన్నా ఇది ఎక్కువ. పన్ను తరువాత చూస్తే తేడా ఇంకా స్పష్టం: వెంటనే అమ్మడంతో పోలిస్తే దాదాపు ₹1,714 ఎక్కువ, ‘ఆ’ దారిలో ₹741 ఎక్కువ.

దీనికీ లోపం ఉంది. మార్కెట్ దిగుతుంటే ఆ ఆర్డర్‌ను ఎవరూ తీసుకోరు, మీరు దిగిన ధరతో మిగిలిపోతారు. అయితే ప్రయాణంలో ఉన్న కాయిన్‌కూ అదే ప్రమాదం ఉంది, పైగా దానిని మధ్యలో వెనక్కి పిలవలేరు. ఆర్డర్‌ను ఏ క్షణాన్నైనా రద్దుచేసి, అప్పటి బిడ్‌కు అమ్మి బయటపడవచ్చు. అందుచేత ఈ ఉదాహరణలో నా సలహా సందేహం లేనిది: ‘అ’లో లిమిట్ ఆర్డర్ పెట్టండి, తొందర ఉంటే ‘అ’లోనే వెంటనే అమ్మండి. ‘ఆ’కు పంపడం గురించి ఆలోచించవలసినది, లోతు చూసుకున్నాక కూడా అమ్మగలిగే సగటు ధరల అంతరం రెండు శాతానికి పైన ఉన్నప్పుడూ, ‘అ’ నుంచి ‘ఆ’కు ఇంతకుముందు పంపిన అనుభవం మీకు ఉన్నప్పుడూ మాత్రమే.

అంతరం మరీ పెద్దదిగా, రోజుల తరబడి ఉంటే

రెండు శాతానికి మించిన అంతరం రోజంతా అలాగే ఉంటే, దానిని ఇంకా ఎవరూ ఎందుకు తీసుకోలేదని అడగాలి. చాలాసార్లు జవాబు ఒకటే: ఎక్కడో ఒక ద్వారం మూసి ఉంది.

దీనిని అర్థం చేసుకోవడానికి టోక్యోలోని మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజ్ చరిత్ర కన్నా మంచి ఉదాహరణ లేదు. 2013 జూన్‌లో అది డాలర్ విత్‌డ్రాయల్స్‌ను కొంతకాలం ఆపింది, ఆ తరువాత కూడా డాలర్లు బయటికి రావడానికి వారాలు, నెలలు పట్టేది. అప్పుడు అక్కడ బిట్‌కాయిన్ ధర ఇతర ఎక్స్ఛేంజ్‌ల కన్నా ఎక్కువగా ఉండేది, ఎందుకంటే ఇరుక్కున్న డాలర్లను బయటికి తెచ్చుకునే దారి బిట్‌కాయిన్ కొని పంపుకోవడమే. అందుకు ఎక్కువ ధర ఇవ్వడానికి జనం సిద్ధపడ్డారు. అక్కడ అమ్మితే ఎక్కువ వస్తుందని కాయిన్ పంపినవారికి వచ్చింది బయటికి తీయలేని డాలర్లు. 2014 ఫిబ్రవరి 7న అదే ఎక్స్ఛేంజ్ బిట్‌కాయిన్ విత్‌డ్రాయల్స్‌ను ఆపింది. వెంటనే పరిస్థితి తలకిందులై, అక్కడి ధర ఇతర చోట్ల ధర కన్నా ఎంతో కిందికి పడిపోయింది. చవకగా దొరుకుతోందని కొన్నవారి చేతికి కాయిన్ రాలేదు. ఆ నెల 28న అది దివాలా రక్షణ కోరింది. ధర ఎక్కువగా ఉంటే డబ్బు ఇరుక్కుంది, తక్కువగా ఉంటే కాయిన్ ఇరుక్కుంది అనే రెండు పాఠాలనూ ఒకే ఎక్స్ఛేంజ్ ఎనిమిది నెలల వ్యవధిలో చూపించింది.

మన దగ్గర 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజ్ వ్యాలెట్ నుంచి 23 కోట్ల డాలర్లకు దగ్గరగా విలువైన ఆస్తులు దొంగిలింపుకు గురై, విత్‌డ్రాయల్స్ ఆగినప్పుడు కూడా అక్కడి ధరలు ఇతర ఎక్స్ఛేంజ్‌ల ధరల కన్నా బాగా దిగాయి. అది మౌంట్ గాక్స్ రెండో దశలాంటి తగ్గుదలే. దక్షిణ కొరియాలో దారి మరో విధంగా మూసి ఉంటుంది: అక్కడి కరెన్సీ అయిన వాన్‌ను దేశం బయటికి పంపడంపై ఉన్న నియంత్రణల వలన 2018 జనవరిలో అక్కడి బిట్‌కాయిన్ ధర ప్రపంచ ధర కన్నా 40 శాతానికి పైగా ఎక్కువకు చేరింది.

ద్వారం ఎక్కడ మూసుకుందో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ‘ఆ’లో బిట్‌కాయిన్‌తోపాటు మరో నాలుగు కాయిన్ల ధరలను కూడా ‘అ’తో పోల్చి చూడండి. అన్నీ దాదాపు ఒకే శాతం ఎక్కువగా ఉంటే తేడా బిట్‌కాయిన్‌లో లేదు, ‘ఆ’లోని రూపాయిలో ఉంది, రూపాయి విత్‌డ్రాయల్ నెమ్మదిగా ఉందేమో చూడాలి. అన్నీ ఒకే శాతం తక్కువగా ఉంటే అక్కడి నుంచి కాయిన్లు బయటికి వెళ్ళడం లేదేమో చూడాలి. ఒక్క కాయిన్ మాత్రమే పక్కకు జరిగి ఉంటే ఆ కాయిన్ డిపాజిట్లో విత్‌డ్రాయల్సో నిర్వహణ పనుల పేరుతో ఆగి ఉండే అవకాశం ఎక్కువ; ఎక్స్ఛేంజ్ స్థితి పేజీలో అది కనిపిస్తుంది. పరీక్ష ఎలా వచ్చినా, ముందు ‘ఆ’ నుంచి మీ బ్యాంకుకు చిన్న మొత్తం రూపాయలు తీసి చూడకుండా కాయిన్ పంపకండి. అమ్మకం రూపాయి బ్యాంకులో పడినప్పుడే పూర్తవుతుంది.

‘ఆ’ రూపాయల్లో కాక, డాలర్ విలువను అనుసరించే యూఎస్‌డీటీ అనే కాయిన్‌లో ధర చూపించే ఎక్స్ఛేంజ్ అయితే పోలికకు ముందు మరో మార్పిడి చేయాలి. అక్కడి ధరను బ్యాంకుల డాలర్ రేటుతో గుణించడం తప్పు. భారతదేశంలో యూఎస్‌డీటీ రూపాయి ధర తరచుగా డాలర్ రేటు కన్నా ఎక్కువగా ఉంటుంది. కనుక మీరు నిజంగా యూఎస్‌డీటీని అమ్మగలిగే బిడ్ ధరతో గుణించాలి. పైగా బిట్‌కాయిన్ ఇచ్చి యూఎస్‌డీటీ తీసుకోవడం, ఆ యూఎస్‌డీటీని రూపాయలకు అమ్మడం చట్టం దృష్టిలో రెండు అమ్మకాలు. టీడీఎస్ రెండుసార్లు వర్తిస్తుంది.

కొనేవారికి

కొని తమ సొంత వ్యాలెట్‌లో పెట్టుకోదలచినవారికి పోలిక తలకిందులుగా ఉంటుంది: వ్యాలెట్‌లోకి చేరిన ఒక్కో బిట్‌కాయిన్‌కు ఎన్ని రూపాయలు పడ్డాయన్నదే ప్రశ్న. ఇక్కడ మొత్తం చిన్నదయ్యేకొద్దీ విత్‌డ్రాయల్ ఫీజు అన్నిటినీ మించిపోతుంది. 0.0003 బిట్‌కాయిన్ అంటే ఈ ధరలో ₹2,400. అది ₹8,00,000 కొనుగోలులో 0.3 శాతమే, ₹10,000 కొనుగోలులో 24 శాతం.

రెండు ఎక్స్ఛేంజ్‌లలో ఆస్క్ ధర సమానంగా ఉన్నదనీ, ‘ఆ’ విత్‌డ్రాయల్‌కు 0.0001 మాత్రమే పట్టుకుంటుందనీ అనుకుందాం. అప్పుడు ‘ఆ’లో విత్‌డ్రాయల్ ₹1,600 చవక, కొనుగోలు ఫీజు 0.236 శాతం ఎక్కువ. రెండూ సరిసమానమయ్యే మొత్తం దాదాపు ₹6,78,000. అంతకన్నా తక్కువ కొనేవారికి, ఫీజు పట్టికలో ఖరీదుగా కనిపించే ‘ఆ’ నిజానికి చవక. అంతకన్నా ఎక్కువైతే ‘అ’. నెలనెలా కొద్దికొద్దిగా కొనేవారు ప్రతి నెలా బయటికి తీయకుండా కొన్ని నెలల కాయిన్లను కలిపి ఒకేసారి తీసుకుంటే ఆ ఫీజు ఒక్కసారే పడుతుంది. అన్ని నెలలూ కాయిన్ ఎక్స్ఛేంజ్ దగ్గరే ఉంటుందనే ప్రమాదాన్ని దానికి ఎదురుగా తూచుకోవాలి.

విత్‌డ్రాయల్ పేజీలో ‘బీఈపీ20’ వంటి మరో నెట్‌వర్క్ తక్కువ ఫీజుతో కనిపిస్తే జాగ్రత్త. అలా వచ్చేది బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లోని బిట్‌కాయిన్ కాదు, మరో చైన్ మీద దాని విలువను సూచించే టోకెన్. అవతలి ఎక్స్ఛేంజ్ లేదా వ్యాలెట్ ఆ నెట్‌వర్క్‌ను స్వీకరించకపోతే అది చేరదు, తిరిగి రాబట్టడానికి హామీ లేదు.

ఏ ఎక్స్ఛేంజ్ ఎంతసేపు తీసుకుంటుందో ప్రకటనల ద్వారా కాక మీరే కొలుచుకోవచ్చు. ఒక చిన్న మొత్తాన్ని పంపి నాలుగు సమయాలను రాసుకోండి: మీరు విత్‌డ్రాయల్ బటన్ నొక్కిన సమయం, లావాదేవీ ఐడీ వచ్చిన సమయం, నెట్‌వర్క్ లావాదేవీలను చూపించే బ్లాక్ ఎక్స్‌ప్లోరర్ సైటులో ఆ ఐడీకి మొదటి కన్ఫర్మేషన్ చూపించిన సమయం, ‘ఆ’లో కాయిన్ జమ అయిన సమయం. మొదటి రెండింటి మధ్య వ్యవధి ‘అ’ది, తరువాతిది నెట్‌వర్క్‌ది, చివరిది కన్ఫర్మేషన్ల కోసం ‘ఆ’ ఆగినది. ఈ కొలతకు ఒక విత్‌డ్రాయల్ ఫీజు ఖర్చవుతుంది. పని రోజు పగటిపూట ఒకసారి, శనివారం రాత్రి ఒకసారి కొలిస్తే, వేళను బట్టి ‘అ’ ఎంత ఎక్కువసేపు ఆపుతుందో ఆ రెండు వరుసల మధ్య తేడాలోనే కనిపిస్తుంది; పై లెక్కలో గంట అని అనుకున్నచోట ఆ రెండింటిలో పెద్దదానిని వేసుకోవాలి.